ఆంజైనాలో పల్స్ సంగతి

గుండెకు ఎంత ఆక్సిజన్ కావాలో దేన్ని బట్టి ఉంటుంది? ఆంజైనా, అంటే గుండెకు చాలినంత రక్తం అందక వచ్చే ఛాతీ నొప్పి, ఉన్నవాళ్లకి పల్స్ తగ్గాలని ఎందుకంటారు?

గుండె ఎంత వేగంగా, ఎంత బలంగా కొట్టుకుంటోంది, దాని గోడ మీద ఎంత ఒత్తిడి పడుతోంది, ఈ మూడే ముఖ్యం, కానీ వేగం ఆక్సిజన్ ఖర్చు పెంచడమే కాక దాని రాబడికి కూడా గండి కొడుతుంది. గుండె కండరం మామూలుగానే రక్తంలోంచి సుమారు 70 శాతం ఆక్సిజన్ లాగేసుకుంటుంది కాబట్టి ఇంకా కావాలంటే రక్తమే ఎక్కువ రావాలి. ఎడమ గది కండరానికి ఆ రక్తం ఎక్కువగా అందేది గుండె సడలినప్పుడే (బిగుసుకున్నప్పుడు తన నాళాల్ని తనే నొక్కేస్తుంది మరి).

పర్లాకిమిడి వైపు నుంచి వెళ్లి మహేంద్రగిరి ఎక్కుతున్న మనిషిని తీసుకోండి. కూర్చున్నప్పుడు పల్స్ 60 అయితే గుండె సడలి ఉండేది నిమిషంలో సుమారు 40 సెకన్లు. ఎక్కేటప్పుడు 120 అయితే 30 సెకన్లే మిగులుతాయి, పనేమో రెట్టింపు దాటుతుంది. మంచి నాళాలు వెడల్పై సర్దుకుంటాయి, పూడుకున్నవి సర్దుకోలేవు, అందుకే ఛాతీ పట్టేస్తుంది, ఆగి కూర్చుంటే కాసేపట్లో తగ్గుతుంది.

చాలామంది బీటా బ్లాకర్‌ని ఉత్త బీపీ మాత్ర అనుకుని బీపీ నార్మల్ అవగానే మానేస్తారు. ఆంజైనాలో అది ముఖ్యంగా వేగం తగ్గించడానికి. డాక్టర్‌ని అడక్కుండా ఒక్కసారిగా ఆపితే నొప్పి తిరగబెట్టొచ్చు, గుండెపోటూ రావచ్చు.