సబ్జెక్ట్‌లో అంకె మార్చారు, మెయిల్ విడిపోయింది

*మాది కాశీబుగ్గ. జీడిపప్పు యూనిట్ లెక్కలు, ఆర్డర్లు అన్నీ జీమెయిల్‌లోనే నడుస్తాయి. హైదరాబాద్ పార్టీ ఇచ్చిన ఒకే ఒక్క ఆర్డరు నా ఇన్‌బాక్స్‌లో మూడు చోట్ల కనిపిస్తోంది. లోడింగ్ చూసే మా బావకి ఫార్వర్డ్ చేస్తే పాత మాటలేవీ రాలేదంటున్నాడు. యాభై టిన్నులా, డెబ్బయ్యా అని ఒకటే టెన్షన్. జీమెయిల్‌లో ఏమైనా తేడా ఉందా?*
— ఓ పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జీమెయిల్ బాగానే ఉంది. మీరు పంపిన స్క్రీన్‌షాట్లు వరసగా చూస్తే ఎక్కడ విడిపోయిందో తెలిసిపోతోంది. అయితే మీవి రెండు వేర్వేరు ఇబ్బందులు. మెయిళ్లు ఒకే వరుసలో నిలవడం ఒకటి, కింద పాత మాటలు కనిపించడం ఇంకొకటి. ఒకటి పోయినంత మాత్రాన రెండోది పోవాలని లేదు.

ముందు వరుస సంగతి. ప్రతి మెయిల్‌కీ పంపేటప్పుడే Message-ID అనే గుర్తు పడుతుంది. మీరు రిప్లై నొక్కగానే ఏ మెయిల్‌కి జవాబిస్తున్నారో దాని గుర్తు In-Reply-To అనే లైన్లోకి, అంతకు ముందువాటి గుర్తులు కూడా కలిపి References అనే లైన్లోకి చేరతాయి. ఈ రెండో లైను ఆ మెయిల్ వంశావళి అనుకోండి. ఇవి మామూలుగా కనపడవు. కంప్యూటర్లో మెయిల్ తెరిచి, కుడి పక్కన మూడు చుక్కలు నొక్కి Show original అంటే బయటపడతాయి. మీరు రెండోసారి ఇచ్చిన జవాబులో ఉండేవి ఈ తరహాలో ఉంటాయి. గుర్తులు అసలైతే చాలా పొడుగ్గా ఉంటాయి, ఇక్కడ కుదించాను.

```
Subject: Re: W240 order 70 tins
Message-ID: <d4@example.com>
In-Reply-To: <c3@example.com>
References: <a1@example.com> <b2@example.com> <c3@example.com>
```

వంశావళి చక్కగానే ఉంది కదా, మరి ఎందుకు విడిపోయింది? మొదటి లైను చూడండి. పార్టీ పంపిన మొదటి మెయిల్ సబ్జెక్టు W240 order 50 tins. మీరు రేటు రాశారు, ఆయన సరే అని ఇంకో ఇరవై టిన్నులు కలపమన్నారు. మీరు ఫోన్లో రిప్లై తెరిచి, పైన సబ్జెక్టులో 50 తీసి 70 చేశారు. ఫోన్ యాప్‌లో సబ్జెక్టు చేతికి అందేలా ఉంటుంది కాబట్టి మార్చాలనిపించడం సహజమే. కానీ గుర్తులు ఎంత సరిగ్గా ఉన్నా, సబ్జెక్టు మారితే జీమెయిల్ దాన్ని కొత్త సంభాషణగానే లెక్కేస్తుంది. ముందు చేరే Re:, Fwd: లాంటివాటిని పట్టించుకోదు. అంకె, పదం మారితే మాత్రం వేరు చేసేస్తుంది. ఇదే మెయిళ్లను థండర్‌బర్డ్‌లో తెరిస్తే ఒకే వరుసలో కనిపిస్తాయి, ఎందుకంటే అది References లైన్ని నమ్ముకుంటుంది. అందుకే ఒకే ఆర్డరు మీ దగ్గర రెండుగా, అవతలి పార్టీ దగ్గర ఒకటిగా ఉండొచ్చు. ఎవరూ అబద్ధం చెప్పట్లేదు.

ఇంకో సంగతి. కొన్ని కంపెనీల సర్వర్లు బయటి నుంచి వచ్చే మెయిల్ సబ్జెక్టుకి [External] అని తగిలిస్తాయి. అది తగిలాక వచ్చే జవాబు కూడా మీ దగ్గర విడిపోవచ్చు. అందులో మీరు చేయగలిగిందేమీ లేదు. అలాగే ఒకే సంభాషణలో వంద మెయిళ్లు దాటితే జీమెయిల్ తనంతట తానే కొత్తది మొదలుపెడుతుంది. ఏడాది పొడుగునా ఒకే మెయిల్ కింద బేరాలు సాగించే అలవాటుంటే ఇది గుర్తుంచుకోండి.

మూడో ముక్క మీ బావగారి చలవ. మీరు ఫార్వర్డ్ చేసిన దానికి ఆయన రిప్లై నొక్కితే జవాబు మీకే వస్తుంది, హైదరాబాద్ పార్టీకి పోదు. ఫార్వర్డ్ చేసినవాళ్లు మీరు కాబట్టి జీమెయిల్ దృష్టిలో పంపినవాళ్లూ మీరే. అందుకని ఆయన కొత్త మెయిల్ తెరిచి, పార్టీ అడ్రస్ టైప్ చేసి, సబ్జెక్టులో చేత్తో Re: cashew load అని రాసి, మీకు సీసీ పెట్టారు. Re: అని మనం టైప్ చేసినంత మాత్రాన అది జవాబు అయిపోదు. ఆ మెయిల్‌కి Show original కొట్టి చూడండి, In-Reply-To లైనే ఉండదు. దాని వెనక ఏ మెయిలూ లేనట్టే.

ఇక పాత మాటలు. చాలామంది అనుకునేది ఏమిటంటే, పాత సంభాషణంతా ఎక్కడో సర్వర్లో ఉంటుంది, ఫార్వర్డ్ చేస్తే దానంతట అదే వెళ్తుందని. అలా జరగదు. జవాబు కింద కనిపించే పాత మెయిల్ కేవలం ఆ క్షణంలో కాపీ అయిన అక్షరాలు. మీ 70 టిన్నుల జవాబు కింద అవి లేవు. ఫోన్లో మొత్తం సెలెక్ట్ చేసి చెరిపేసి రాసుంటారు. ఆ మెయిల్‌నే బావగారికి ఫార్వర్డ్ చేశారు, కాబట్టి ఆయనకు అందింది ఆ నాలుగు లైన్లే. రేటు మీ మొదటి జవాబులో ఉండిపోయింది. పార్టీ పంపిన ఆర్డరు పీడీఎఫ్ వాళ్ల మొదటి మెయిల్‌కే అంటుకుని ఉంది. రిప్లైలో అటాచ్‌మెంట్లు రావు, కాబట్టి తర్వాతి మెయిళ్లలో వెతికినా దొరకదు.

మాటలు పోయాయని నిర్ధారించుకునే ముందు ఒకటి చూడండి. మెయిల్ అడుగున చిన్న మూడు చుక్కలుంటే నొక్కండి. జీమెయిల్ పాత భాగాన్ని దాని వెనక దాస్తుంది. అక్కడ కనిపిస్తే పోలేదన్నమాట. అవి కూడా లేకపోతే నిజంగానే పోయింది, లేదా అవతలివాళ్ల సెట్టింగే అలా ఉంది. అవుట్‌లుక్‌లో రిప్లై ఇచ్చేటప్పుడు పాత మెయిల్ చేర్చవద్దని పెట్టుకునే వీలుంది. అలాంటి పార్టీ నుంచి ఎప్పుడూ ఒట్టి జవాబే వస్తుంది. ఇంకో రకంగానూ తప్పుతుంది. మీరు, మీ గుమాస్తా ఒకే మెయిల్‌కి విడివిడిగా జవాబిస్తే, మీ దాంట్లో ఆయన మాట ఉండదు, ఆయన దాంట్లో మీ మాట ఉండదు. అందుకే వరుసలో అన్నిటికంటే చివరి మెయిల్‌కే రిప్లై కొట్టాలి.

ఇప్పుడు ఈ ఆర్డరు సంగతి. విడిపోయిన సంభాషణల్ని జీమెయిల్లో మళ్లీ అతికించే మార్గం లేదు. మూడింటికీ ఒకే లేబుల్ పెట్టండి, ఉదాహరణకు పార్టీ పేరు, నెల. తర్వాత మొదటి సంభాషణ తెరవండి. ఇరవై టిన్నులు కలపమన్న పార్టీ మెయిల్ అందులో చివరిది. దానికి రిప్లై ఆల్ కొట్టి, బావగారిని సీసీలో చేర్చి, సబ్జెక్టు ముట్టుకోకుండా మొదటి లైన్లోనే రాయండి: "ఆఖరి లెక్క: W240, 70 టిన్నులు, రేటు ఇంత, లోడింగ్ ఫలానా రోజు." బావగారు మధ్యలో చేరుతున్నారు కాబట్టి ఆయనకు ఇక్కడి నుంచి వచ్చే మెయిళ్లే అందుతాయి, పాతవి ఈ జవాబు కింద కాపీగా మాత్రమే కనిపిస్తాయి. అందుకని కింది భాగం చెరపకండి. పీడీఎఫ్ మళ్లీ జతచేయండి.

ముందు నుంచి జరిగినదంతా బావగారికి పంపాల్సి వస్తే కంప్యూటర్లో ఆ సంభాషణ తెరిచి, ఒక్కో మెయిల్ పక్కనుండే చుక్కలు కాకుండా పైన బార్‌లో ఉండే మూడు చుక్కలు నొక్కి Forward all ఎంచుకోండి. ఒక సంభాషణలోని మెయిళ్లన్నీ ఒకేదాంట్లో వెళ్తాయి. ముక్కలు మూడున్నాయి కాబట్టి మీ విషయంలో మూడుసార్లు చేయాలి.