కీమో తర్వాత కౌంట్ పడిపోయిన రోజుల్లో జ్వరం వస్తే పారాసిటమాల్‌తో సరిపెట్టకండి

ప్రశ్న: మా అమ్మ వయసు 54. రొమ్ము క్యాన్సర్. ఏసీ అనే రెండు మందుల కీమో మొదటి సైకిల్ అయింది. కౌంట్ పడిపోకుండా మర్నాటి నుంచి రోజుకొకటి చొప్పున ఏడు ఇంజెక్షన్లు రాశారు. మూడు చేయించాక పరీక్షలో తెల్లకణాలు 24,600 వచ్చాయి. మరీ ఎక్కువయ్యాయని, నడుము నొప్పి కూడా తట్టుకోలేకపోతోందని మిగతావి ఆపేశాం. పదో రోజు చూస్తే 1,200. అంతకుముందు రెండు రోజులు 101 జ్వరం వచ్చింది, పారాసిటమాల్ వేస్తే తగ్గింది. ఇంజెక్షన్లు పనిచేయలేదా? బొప్పాయి ఆకు రసం, దానిమ్మ ఇస్తే తర్వాతి కీమోలోపు కౌంట్ పెరుగుతుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు జ్వరం సంగతి చూద్దాం. మీరు ఒక్క వాక్యంలో దాటేసిన ఆ విషయమే నాకు టెన్షన్ పెట్టింది. ఇది పోర్టల్‌కు రాసి జవాబు కోసం ఎదురుచూడాల్సిన ప్రశ్న కాదమ్మా. ఆ రాత్రే ఆస్పత్రికి ఫోన్ చేయాల్సింది. ఇది మీరు చదివే సమయానికి అమ్మగారికి మళ్లీ జ్వరం గానీ, వణుకు గానీ, బాగా నీరసం గానీ ఉంటే మిగతాది తర్వాత చదవండి, ముందు ఆమెను ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

1,200 అన్నది మొత్తం తెల్లకణాల సంఖ్య. మాకు కావాల్సింది అందులో బ్యాక్టీరియాతో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే రకం ఎన్ని అన్నది. సీబీపీ రిపోర్టులో కింద డిఫరెన్షియల్ కౌంట్ అని శాతాలు ఉంటాయి, చూడండి. ఉదాహరణకు అక్కడ న్యూట్రోఫిల్స్ 22 శాతం అని ఉంటే, 1,200లో 22 శాతం అంటే 264. దీన్నే ఏఎన్‌సీ అంటాం. మామూలుగా ఇది 1,500 పైన ఉండాలి. 500 కన్నా తగ్గితే బ్యాక్టీరియాను ఆపే కణాలు ఒంట్లో దాదాపు లేనట్టే. మీ రిపోర్టు నేను చూడలేదు కాబట్టి అమ్మగారి ఏఎన్‌సీ ఎంతో చెప్పలేను. కానీ మొత్తమే 1,200 ఉన్నప్పుడు అది 500లోపు ఉండే అవకాశం చాలా ఉంది. ఆ స్థితిలో నోట్లో థర్మామీటర్ పెట్టి చూసిన జ్వరం ఒక్కసారి 101 దాటినా, 100.4 గంటసేపు తగ్గకుండా ఉన్నా మేం దాన్ని ఎమర్జెన్సీగానే తీసుకుంటాం. రోగి ఆస్పత్రి గడప తొక్కిన గంటలోపు మొదటి యాంటీబయాటిక్ డోసు రక్తనాళంలోకి వెళ్లాలన్నది మా లెక్క. ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు రక్తం తీసుకుంటాం, దాని రిజల్ట్ వచ్చేదాకా మాత్రం ఆగం.

ఇంత హడావుడి ఎందుకంటే, ఆ రోజుల్లో ఇన్ఫెక్షన్ తన గుర్తులు చూపించదు. చీము అంటే చాలావరకు చచ్చిన న్యూట్రోఫిల్సే. అవే లేనప్పుడు గడ్డ కట్టదు, పుండు దగ్గర ఎరుపు పెద్దగా రాదు, న్యుమోనియా ఉన్నా మొదట్లో ఎక్స్‌రే మామూలుగా కనిపించవచ్చు. మిగిలే గుర్తు చాలాసార్లు జ్వరం ఒక్కటే. మీరు పారాసిటమాల్‌తో ఆ ఒక్కదాన్నీ తుడిచేశారు. మాత్ర వేస్తే జ్వరం తగ్గుతుంది, లోపల బ్యాక్టీరియా తగ్గదు. ఉదయం 99 ఉండి అన్నం తిన్న మనిషి సాయంత్రానికి బీపీ పడిపోయి రావడం మేం చూస్తూనే ఉంటాం. అమ్మగారికి అలా కాలేదు, సంతోషం. కానీ తర్వాతిసారీ కాదని నేను హామీ ఇవ్వలేను. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మాత్రలు వేయడం కూడా ఇలాంటిదే. రిస్కు తక్కువున్న కొందరికి మేమూ మాత్రలే ఇచ్చి ఇంటికి పంపిస్తాం. అయితే అది పరీక్ష చేసి, కాసేపు మా దగ్గరే ఉంచుకుని చూశాక తీసుకునే నిర్ణయం, ఫోన్‌లో తీసుకునేది కాదు.

ఇక ఇంజెక్షన్ల సంగతి. అవి పనిచేశాయి. మీరు మధ్యలో ఆపేశారు.

కీమో మందు ఎక్కువగా దెబ్బతీసేది ఎముక మూలుగలో అప్పుడే విభజన చెందుతున్న కణాలను. ఎదిగి బయటకు రావడానికి సిద్ధంగా ఉన్న న్యూట్రోఫిల్స్‌ను అంతగా తాకదు. నారుమడి పాడైనా గాదెలో ధాన్యం ఉన్నట్టు, ఆ నిల్వతో వారం దాకా నెట్టుకొస్తుంది శరీరం. రక్తంలోకి వచ్చిన న్యూట్రోఫిల్ బతికేది ఒక రోజు అటూ ఇటూగా మాత్రమే. కాబట్టి నిల్వ అయిపోగానే కౌంట్ వేగంగా పడిపోతుంది. కీమో ఎక్కించిన రోజును ఒకటి అనుకుంటే, ఏసీలో 10 నుంచి 14 రోజుల మధ్య కౌంట్ అన్నిటికంటే కిందికి వస్తుంది. మూలుగ కోలుకుని 21వ రోజుకల్లా మళ్లీ పైకి తెస్తుంది. తర్వాతి సైకిల్ మూడు వారాలకు పెట్టడంలో లెక్క అదే. మందు మారితే ఈ రోజులూ మారతాయి. డోసిటాక్సెల్‌కు ఏడెనిమిది రోజులకే పడిపోతుంది, కార్బోప్లాటిన్‌కు మూడో వారం దాకా ఆగుతుంది. ఏసీ తర్వాత అమ్మగారికి వేరే మందు మొదలుపెడితే ‘ఏ రోజుల్లో జాగ్రత్తగా ఉండాలి’ అని మీ డాక్టర్‌ను మళ్లీ అడగండి. పాత లెక్క పట్టుకుని కూర్చోవద్దు.

మీరు చేయించిన ఇంజెక్షన్ పేరు ఫిల్‌గ్రాస్టిమ్ అయి ఉంటుంది. కిలో బరువుకు 5 మైక్రోగ్రాముల చొప్పున ఇస్తాం, మన దగ్గర చాలామందికి 300 మైక్రోగ్రాముల సిరంజి ఒకటి సరిపోతుంది. కీమో అయ్యాక కనీసం 24 గంటలు ఆగాకే మొదలుపెట్టాలి. ఒంట్లో కీమో మందు ఉండగానే కొత్త కణాలను విభజనకు తరిమితే ఆ మందు వాటినీ చంపేస్తుంది. ఈ ఇంజెక్షన్ రెండు పనులు చేస్తుంది. మొదట మూలుగలో ఉన్న నిల్వను రక్తంలోకి తోసేస్తుంది. ఇది ఒకటి రెండు రోజుల్లోనే జరుగుతుంది. ఆ తర్వాత, మిగిలిన తల్లి కణాలు త్వరగా విభజన చెంది త్వరగా ఎదిగేలా చూస్తుంది. దీనికి రోజులు పడుతుంది. ఐదో రోజు మీరు చూసిన 24,600 ఆ మొదటి పని ఫలితమే. అది ఇన్ఫెక్షనూ కాదు, కోలుకున్నట్టూ కాదు. కౌంట్ ఇంకా పడిపోనేలేదు. అసలు అవసరం మొదలయ్యే సమయానికి మీరు ఇంజెక్షన్ మానేశారు. నిల్వ ఖాళీ అయింది, కొత్త పంటను తొందరపెట్టే మందు లేదు.

కౌంట్ ఒకసారి కిందికి వెళ్లి మళ్లీ పెరిగి నిలబడిందని తేలాకే దీన్ని ఆపాలి. ఎన్ని రోజులన్నది మీ డాక్టర్ చెప్పాల్సిందే, కానీ నాలుగో రోజో ఐదో రోజో వచ్చిన పెద్ద నంబర్ చూసి ఆపేయకూడదు. నన్నడిగితే, మొదటి వారంలో మధ్యమధ్య ఆ సీబీపీ చేయించుకోవడం వల్లే ఎక్కువ గందరగోళం వస్తోంది. డాక్టర్ రాయకపోతే చేయించకండి.

ఇంజెక్షన్ వేసినంత మాత్రాన కౌంట్ పడిపోకుండా ఉండదు. పడిపోతుంది, కానీ అడుగున ఉండే రోజులు తగ్గుతాయి. 1991లో ఊపిరితిత్తుల స్మాల్ సెల్ క్యాన్సర్ రోగులపై వచ్చిన అధ్యయనంలో న్యూట్రోఫిల్స్ 500లోపు ఉన్న కాలం మధ్యస్థంగా ఆరు రోజుల నుంచి ఒక రోజుకు తగ్గింది. కౌంట్ పడిపోయిన రోజుల్లో కనీసం ఒకసారైనా జ్వరం వచ్చినవాళ్లు 77 శాతం నుంచి 40 శాతానికి తగ్గారు. ఆ 40 శాతాన్ని మర్చిపోవద్దు. అన్ని ఇంజెక్షన్లూ సరిగా వేయించుకున్నవాళ్లకూ జ్వరం రావచ్చు, వస్తే ఆస్పత్రికే రావాలి. అలాగే ఇది న్యూట్రోఫిల్స్‌కు సంబంధించిన మందే. ప్లేట్‌లెట్లను గానీ హిమోగ్లోబిన్‌ను గానీ పెంచదు. జ్వరం వచ్చాక యాంటీబయాటిక్ మానేసి దీన్ని వేయించుకుంటే కుదరదు.

నడుము నొప్పి ఈ ఇంజెక్షన్‌కు మామూలే. నడుము, తుంటి, ఛాతీ మధ్య ఎముక పీకుతాయి, మూలుగలో పని ఎక్కువైనందుకు. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఈ నొప్పికీ మేం ఇచ్చేది పారాసిటమాలే. మొదటి వారంలో నొప్పికని అలవాటుపడి రెండో వారంలోనూ ఆరు గంటలకోసారి వేసేస్తుంటారు. జ్వరం వచ్చినా థర్మామీటర్‌కు అందదు. అందుకే నా పేషెంట్లకు ఒక నియమం పెడతాను. ముందు థర్మామీటర్, ఆ నంబర్ కాగితం మీద, తర్వాతే మాత్ర. నంబర్ 100.4 ఉంటే మాత్ర కాదు, ఫోన్. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేయకండి, ప్లేట్‌లెట్లూ తగ్గి ఉండొచ్చు, కిడ్నీలకూ మంచిది కాదు. ఎడమ డొక్కలో పైభాగాన గానీ, ఎడమ భుజం కొసన గానీ నొప్పి వస్తే మాత్రం ఓర్చుకోవద్దు. చాలా అరుదే కానీ ప్లీహం దెబ్బతినే ప్రమాదం ఉంది, వెంటనే చూపించాలి.

తర్వాతి సైకిల్‌కు ముందు మీ ఆంకాలజిస్ట్‌కు మూడు ఇంజెక్షన్లతో ఆపేసిన సంగతి, రెండు రోజుల జ్వరం సంగతి దాచకుండా చెప్పండి. తిడతారేమోనని ఇంట్లోవాళ్లు చెప్పరు. అప్పుడు ఆయన మందు వేసినా ఇలా అయిందనుకుని కీమో డోసు తగ్గించవచ్చు, ఆ తగ్గింపు అవసరం లేకపోయి ఉండొచ్చు. రోజూ ఇంజెక్షన్‌కు తిరగడం కష్టమైతే పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ అడిగి చూడండి. 6 మిల్లీగ్రాములది సైకిల్‌కు ఒక్కటే, కీమో అయిన మర్నాడు వేస్తారు. నొప్పి దీనికీ ఉంటుంది, కానీ మధ్యలో ఆపేసే వీలు ఉండదు, మీలాంటివాళ్లకు అదే మేలు. రోజువారీవే తీసుకుంటే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఫ్రీజర్‌లో పెట్టకూడదు. ఊళ్లో ఆర్‌ఎంపీతో వేయించుకోవడం తప్పేం కాదు, మందు ఐస్‌ప్యాక్‌తో వచ్చిందా లేదా చూసుకోండి.

మీరడిగిన బొప్పాయి ఆకు రసం డెంగీ ప్లేట్‌లెట్ల దగ్గర మొదలైన మాట. న్యూట్రోఫిల్స్‌ను పెంచుతుందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. కౌంట్ 300 ఉన్న మనిషికి పచ్చి ఆకు దంచి తాగించడమంటే మట్టిలోని క్రిములను చేతులారా లోపలికి పంపడమే, కాబట్టి వద్దు. దానిమ్మ తింటానంటే కాయను బాగా కడిగి ఇంట్లోనే వొలిచి, వెంటనే తినిపించండి. కౌంట్ పెరుగుతుందని కాదు, నోటికి రుచిగా ఉంటుందని. బయట జ్యూస్ సెంటర్‌లో తీయించింది మాత్రం ఇవ్వకండి.