సగం పూట ఉద్యోగి జీతం బడ్జెట్‌లో ఎంత చూపాలి?

ప్రశ్న: గ్రాంట్ కోసం బడ్జెట్ వేస్తున్నాం. మా అకౌంటెంట్ వారానికి 20 గంటలే వస్తారు. పూర్తికాలం వేస్తే ఆ ఉద్యోగానికి ఏడాదికి 6 లక్షలు, ఆమెకు ఇచ్చేది 3 లక్షలు. తన సమయంలో 40 శాతం ఈ ప్రాజెక్టుకే. బీమా ప్రీమియం 30 వేలు మేమే కడతాం. సిబ్బంది ఖర్చు కింద ఎంత రాయాలి?

జవాబు: ముందు ఆ 40 శాతం దేనిలో 40 శాతమో తేల్చుకోండి. గందరగోళమంతా అక్కడే. ఆమె పనిచేసే 20 గంటల్లో 40 శాతం అంటే వారానికి 8 గంటలు. 3 లక్షల్లో 40 శాతం, అంటే 1,20,000 జీతం కింద రాయాలి.

కొందరు దాతలు పూర్తికాలం లెక్కన శాతం అడుగుతారు. 40 గంటల వారంలో 8 గంటలంటే 20 శాతం. అప్పుడు 6 లక్షల మీద 20 శాతం వేయండి, అదే 1,20,000 వస్తుంది. ఈ రెండు పద్ధతులనూ కలిపేస్తేనే ఇబ్బంది. 6 లక్షల మీద 40 శాతం వేస్తే రెట్టింపు అడిగినట్టు, 3 లక్షల మీద 20 శాతం వేస్తే సగం మీ జేబులోంచి పోయినట్టు. అనుమానం వస్తే గంటల్లోకి మార్చి చూడండి. రేపు టైమ్‌షీట్‌లో కనిపించాల్సినవి కూడా ఆ 8 గంటలే.

జీతం మీద పన్నులు, సామాజిక భద్రత చందాల్లో యజమాని వాటా మాత్రమే అదనపు ఖర్చు. ఉద్యోగి వాటా ఆమె జీతంలోంచే కోస్తారు కాబట్టి అది 3 లక్షల్లోనే ఉంది, మళ్లీ కలపకూడదు. మీ వాటా 8 శాతం అనుకుందాం. 1,20,000 మీద 9,600 అవుతుంది.

బీమా దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. పూర్తికాలం వాళ్లకు ప్రీమియం జీతంలో 5 శాతం పడుతోంది కదా అని అదే రేటు ఇక్కడా వేస్తే 6,000 వస్తుంది. కానీ ఆమె సగం పూటే వచ్చినా ప్రీమియం సగం కాలేదు, మీరు పూర్తి 30 వేలు కడుతున్నారు. ఆమె జీతంతో పోలిస్తే అది 10 శాతం. అందులో ఈ ప్రాజెక్టు వంతు 40 శాతం, అంటే 12,000. పాత రేటు వాడితే 6,000 ఎవరూ ఇవ్వని ఖర్చుగా మిగిలిపోతుంది.

మొత్తం 1,41,600. దాత ఒకే బెనిఫిట్స్ రేటు వాడమని నిబంధన పెడితే మాత్రం వాళ్లు చెప్పినట్టే వేయక తప్పదు.

ఇంకొకటి. ఆమె పేరు వేరే గ్రాంట్లలోనూ ఉంటే, 20 గంటల లెక్కన అన్ని శాతాలూ కూడి చూడండి. 100 దాటితే ఒకే గంటకు ఇద్దరి దగ్గర డబ్బు తీసుకున్నట్టే, ఆడిటర్ దాన్ని ఇట్టే పట్టుకుంటాడు. ఏడాది మధ్యలో ఇంక్రిమెంట్ ఉంటే పెరిగిన జీతాన్ని మిగిలిన నెలలకే వేసి, ఏ నెల నుంచి పెరుగుతుందో వివరణలో ఒక వాక్యం రాయండి.