పసుపు పుస్తకంలో పేరు, పాస్‌పోర్టులో పేరు

ప్రశ్న: కంపాలాలో ఉద్యోగం వచ్చింది. ఉగాండా ఈ-వీసా ఫారం టీకా సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయమంటోంది. నా ఫోన్‌లో ఉన్న కోవిన్ పీడీఎఫ్ సరిపోతుందా? అందులో నా పేరు ఆధార్‌లో ఉన్నట్టు ‘కె. వెంకట రమణ’ అని ఉంది. పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరు కొండపల్లి అని పూర్తిగా ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సరిపోదండీ. కోవిన్‌లో ఉండేది కోవిడ్ టీకా వివరాలే. ఉగాండా అడిగేది ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ నమూనాలో ఉండే చిన్న పసుపు పుస్తకం అది, టీకా కేంద్రంలో చేత్తో రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇస్తారు. కేంద్ర ఆరోగ్య శాఖ గుర్తించిన టీకా కేంద్రాలకే దాన్ని ఇచ్చే అధికారం ఉంది. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు వెళ్లవచ్చు. వీధి చివరి క్లినిక్‌లో అదే టీకా వేయించుకున్నా ఆ చీటీ విమానాశ్రయంలో చెల్లదు.

టీకాకు వెళ్లేటప్పుడు ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకెళ్లండి. ఆధార్ చూపిస్తే మీ కోవిన్ కథే మళ్లీ మొదలవుతుంది. మనవాళ్లలో ఈ చిక్కు ఎక్కువ. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి ముందు పెట్టుకోవడం మన అలవాటు. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు Surname గడిలో పూర్తిగా ఉంటుంది, మిగతాది Given Name గడిలో ఉంటుంది. ‘కె’ అంటే కొండపల్లి అని మనకు తెలుసు, ఉగాండాలోని ఎంటెబ్బే విమానాశ్రయంలో కౌంటర్ దగ్గర కూర్చున్న అధికారికి తెలియదు.

ఏ స్పెల్లింగును ప్రమాణంగా పట్టుకోవాలన్న అనుమానం వస్తే పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున, బాణం గుర్తులతో ఉండే రెండు వరుసలు చూడండి. విమానాశ్రయంలో యంత్రం చదివేది వాటినే. మీ పేరుతో మొదటి వరుస ఇలా ఉంటుంది:

```
P<INDKONDAPALLI<<VENKATA<RAMANA<<<<<<<<<<<<<
```

IND తర్వాత రెండు బాణాల వరకు ఉన్నది ఇంటిపేరు. ఆ తర్వాతది మీ పేరు, ఒక్క బాణం అంటే ఖాళీ అన్నమాట. పసుపు పుస్తకంలో, వీసా ఫారంలో, టికెట్‌లో అక్షరాలు దీనితోనే కలవాలి. ఇక్కడ VENKATA, RAMANA విడివిడిగా ఉన్నాయి కాబట్టి పుస్తకంలో Venkataramana అని కలిపి రాయనివ్వకండి.

పుట్టిన తేదీ రెండో వరుసలో ఉంటుంది, వెనక నుంచి ముందుకు. 1987 ఏప్రిల్ 9 అయితే 870409 అని వస్తుంది, ఆ పక్కనే 4 అనే అంకె కనిపిస్తుంది. అది తేదీలో భాగం కాదు. ఆరు అంకెలను వరుసగా 7, 3, 1, 7, 3, 1తో గుణించి కూడితే 114 వస్తుంది. అందులో చివరి అంకె 4. యంత్రం తప్పు చదివితే పట్టుకోవడానికి పెట్టిన తనిఖీ అంకె అది. పసుపు పుస్తకంలో తేదీ రాసేటప్పుడు నెలను అక్షరాల్లో రాయాలన్నది ఆ నమూనాలోనే ఉన్న నియమం. 09-04-1987 అని రాస్తే కొందరికి అది సెప్టెంబర్ 4 అవుతుంది. 9 April 1987 అని రాయించుకోండి.

పాస్‌పోర్టు నంబరు కూడా ఒక్కో అంకె వేలుపెట్టి చూసుకోవాలి. మన పాస్‌పోర్టు నంబరు సాధారణంగా ఒక అక్షరం, ఆపైన ఏడు అంకెలు. అలా ఉంటే మొదటి స్థానం దాటాక కనిపించే గుండ్రటిది సున్నానే, O కాదు. వీసా ఫారంలో టైప్ చేసేటప్పుడు ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

ఇవన్నీ కేంద్రం గుమ్మం దాటకముందే చూసుకోవాలి. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరుతో పాటు టీకా వేసిన తేదీ, బ్యాచ్ నంబరు, వైద్యాధికారి సంతకం, కేంద్రం ముద్ర ఉన్నాయా అని చూడండి. ముద్ర ఉన్నంత మాత్రాన సంతకం ఉన్నట్టు కాదు. మీ సంతకం గడి కూడా ఖాళీగా వదలకండి. దిద్దినా, చెరిపినా, ఏ గడి అయినా పూరించకపోయినా సర్టిఫికెట్ చెల్లకపోవచ్చని ఆ పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఇంటికొచ్చాక తప్పు కనిపిస్తే పెన్ను తీయకండి. పాస్‌పోర్టుతో అదే కేంద్రానికి వెళ్లి, వాళ్ల రిజిస్టర్ ఆధారంగా సరిచేసిన పుస్తకం ఇమ్మని అడగండి.

తర్వాత రోజుల లెక్క. టీకా వేసిన 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుబాటు మొదలవుతుంది. మార్చి 3న వేయించుకుంటే మార్చి 13 నుంచి చెల్లుతుంది. మార్చి 12న ఎంటెబ్బేలో దిగితే పుస్తకం చేతిలో ఉన్నా లేనట్టే. వీసా దరఖాస్తుకు ఈ 10 రోజులు ఆగక్కర్లేదు, టీకా అయిన రోజే స్కాన్ చేసి పెట్టేయవచ్చు. ఇక ముగింపు తేదీ అంటూ లేదు. 2016 జులై 11 నుంచి ఇది జీవితకాలం చెల్లుతోంది. అంతకుముందు ‘10 ఏళ్లు’ అని రాసి ఇచ్చిన పాత పుస్తకాలకూ ఇదే వర్తిస్తుంది, వాటిలో తేదీ మార్పించాల్సిన పని లేదు.

పాత పుస్తకం ఉండి మధ్యలో పాస్‌పోర్టు రెన్యువల్ అయితే నంబరు కలవదు. కంగారు పడకండి. కొత్త పాస్‌పోర్టు చివరి పేజీలో పాత నంబరు అచ్చయి ఉంటుంది. రద్దయిన పాత పాస్‌పోర్టు కూడా సంచిలో పెట్టుకుంటే రెండింటికీ లింకు చూపించవచ్చు.

అప్‌లోడ్‌కు మామూలు ఫొటో కన్నా ఫోన్‌లోని గూగుల్ డ్రైవ్ స్కాన్ నయం. మీ వివరాలున్న పేజీ, టీకా వివరాలున్న పేజీ రెండూ ఒకే పీడీఎఫ్‌లో రావాలి. ముద్ర మీద ఫ్లాష్ వెలుగు పడకూడదు. బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ పెడితే ముద్ర కింద ఉన్న సంతకం నల్లగా కలిసిపోతుంది, అందుకే కలర్‌లో ఉంచండి. ప్రయాణంలో మాత్రం అసలు పుస్తకమే ఉండాలి. తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లో కూడా అడుగుతారు. ఎల్లో ఫీవర్ దేశం వదిలిన 6 రోజుల్లోపు చెల్లే సర్టిఫికెట్ లేకుండా భారత్‌లో దిగితే, 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం ఆరోగ్య అధికారులకు ఉంది.

ఇక ఆ కోవిన్ పీడీఎఫ్ సంగతి. కోవిడ్ సర్టిఫికెట్ ఇప్పుడు చాలా దేశాలు అడగడం లేదు. కొత్త కంపెనీ అడిగితే cowin.gov.in లో అప్పట్లో ఇచ్చిన మొబైల్ నంబరుతో లాగిన్ అయి, Raise an Issue ద్వారా ముందు పేరు సరిచేయించుకోండి, ఆ తర్వాత పాస్‌పోర్టు నంబరు చేర్చండి. పేరు సరిచేసే అవకాశం ఒక్కసారే కాబట్టి, పైన చెప్పిన బాణాల వరుస ఎదురుగా పెట్టుకుని టైప్ చేయండి. పీడీఎఫ్ ఎడిటర్‌లో పేరు మార్చుకుంటే పోలా అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మీ వివరాలు డిజిటల్ సంతకంతో సహా క్యూఆర్ కోడ్ లోపలే ఉంటాయి. కాగితం మీద కొండపల్లి అని, స్కాన్ చేస్తే ‘కె’ అని వస్తే అది ఫోర్జరీ కిందికి వస్తుంది. సరిచేయించాక కూడా పాత ప్రింటులోని క్యూఆర్ పాత పేరే చూపిస్తుంది, కాబట్టి కొత్తది డౌన్‌లోడ్ చేసి పాతది చించేయండి.