నీలం గురించి లలితకు

చిరంజీవి లలితకు పెదనాన్న ఆశీస్సులు.

ఫిబ్రవరి 28న సైన్సు దినోత్సవానికి పిల్లలు రాసే వ్యాసాలను దిద్దే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే ఇంత నమ్మకం సంపాదించావని గర్వంగా అనిపించింది, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా భయమంతా నీ చేతిలోకి రాబోయే ఎర్ర కలం గురించే.

తేదీలు, పేర్లు పుస్తకంలో సరిచూసుకో, చాలు. సి.వి. రామన్ బాల్యం మన విశాఖలోనే గడిచింది కాబట్టి, మన పిల్లల వ్యాసాల్లో ఆయనా సముద్రమూ తప్పకుండా వస్తాయి. దానితోపాటు "ఆకాశం ప్రతిబింబించడం వల్లనే సముద్రం నీలంగా ఉంటుంది" అన్న వాక్యమూ వస్తుంది. ఆ వాక్యం దగ్గరే నేను ఒకసారి ఘోరంగా తప్పు చేశాను.

అప్పటికి నేను తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతున్నాను. జాలరిపేట నుంచి వచ్చే ఒక కుర్రవాడు తన వ్యాసంలో, మబ్బు పట్టిన రోజున కూడా ఒడ్డుకు దూరంగా పడవ మీద నుంచి నిటారుగా కిందికి చూస్తే నీరు నీలంగానే ఉంటుందనీ, లంగరు తాడుకు కట్టిన ఎర్ర గుడ్డ దిగేకొద్దీ నల్లబడిపోతుందనీ, కాబట్టి ఆ రంగు నీటిదేనని తనకు అనిపిస్తోందనీ రాశాడు. నేను ఆ పేరా అంతటినీ అడ్డంగా కొట్టేసి, పక్కన "ఆకాశ ప్రతిబింబం" అని రాసి రెండు మార్కులు తగ్గించాను. నా దగ్గరున్న మూడు గైడ్లలోనూ అదే ఉంది. ఆ మూడూ ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవేమో అన్న ఆలోచనే నాకు రాలేదు. ఆ పిల్లవాడు పుస్తకం తీసుకుని, ఏమీ అనకుండా వెళ్లి కూర్చున్నాడు. ఆ వెనుదిరిగిన భుజాలు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి.

వాడు రాసిందే నిజం. నీరు ఎర్ర కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది, నీలాన్ని చాలా తక్కువగా. ఎర్ర గుడ్డ మన కంటికి ఎర్రగా కనిపించాలంటే ఎర్ర కాంతి కిందికి వెళ్లి తిరిగి పైకి రావాలి; రానూపోనూ కలిపి కొన్ని మీటర్ల నీటిలోనే అందులో పెద్ద భాగం మాయమవుతుంది. మిగిలిన నీలాన్ని నీటి అణువులు చెదరగొట్టి పైకి పంపుతాయి. గ్లాసులో నీరు తెల్లగా ఉండడానికి కారణం, రంగు తేలడానికి ఆ లోతు చాలకపోవడమే.

అయితే ఆ వాక్యం పూర్తిగా అబద్ధమూ కాదు, అందుకే అది అంత గట్టిగా పాతుకుపోయింది. నిటారుగా చూసినప్పుడు నీటి ఉపరితలం ప్రతిఫలించే కాంతి సుమారు 2 శాతమే. ఒడ్డున నిలబడి దూరాన అంచును చూసినప్పుడు అది ఎన్నో రెట్లు ఎక్కువ, అక్కడ నిజంగానే ఆకాశం రంగు కలుస్తుంది. 1910లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త రేలీ అంతటివాడు కూడా లోతైన సముద్రపు నీలం ఆకాశానిదేనన్నాడు. 1921లో ఓడ ప్రయాణంలో రామన్, కాంతిలో ఒక దిశ కంపనాలను మాత్రమే పోనిచ్చే నికోల్ పట్టకంతో ఉపరితలపు ప్రతిబింబాన్ని తొలగించి చూశాడు. రంగు ప్రతిబింబానిదే అయితే నీరు నల్లబడాలి. కానీ నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది.

కాబట్టి అనుమానం వచ్చిన వాక్యం పక్కన వెంటనే గీత పెట్టకమ్మా. ఇది నిజమైతే ఇంకెక్కడ ఏమి కనిపించాలి అని అడుగు. ప్రతిబింబమే కారణమైతే, పైకప్పు ఉన్న, తెల్ల పలకల లోతైన ఈతకొలనులో నీటికి నీలి ఛాయ ఉండకూడదు, కానీ ఉంటుంది. ఇక రెండో వైపు జాగ్రత్త: "నీరు నీలం, అంతే" అని రాసిన పిల్లకు, ఒండ్రు కలిసినప్పుడు మన తీరంలో నీరు ఎందుకు మట్టి రంగుకు తిరుగుతుందో అడుగు. "వల్లనే" అన్న పదంలోని "నే" చుట్టూ సున్నా చుట్టి, ఇంకేమైనా కారణం ఉందా అని రాయి, మార్కు తీసేయకు. రామన్‌కు నోబెల్ సముద్రపు రంగుకే వచ్చిందన్న వాక్యాన్ని మాత్రం నిస్సంకోచంగా దిద్దు. 1930లో వచ్చిన ఆ బహుమతి కాంతి పరిక్షేపణపై ఆయన చేసిన కృషికీ, ఆయన పేరుతో పిలిచే ఫలితాన్ని కనుగొన్నందుకూ ఇచ్చింది.

తమ్ముడి చేత నా పోలరాయిడ్ కళ్లజోడు పంపుతున్నాను. దిద్దడం మొదలుపెట్టే ముందు ఒక తేటపొద్దున, జెట్టీ మీదైనా ఎత్తైన రాయి మీదైనా నిలబడి, ఎదురుగా కాక దిగంతానికి 37 డిగ్రీల కిందికి చూడు. కళ్లజోడును మెల్లగా పక్కకు తిప్పు. తళుకు మాయమయ్యే చోట ఆపి, కింద ఏ రంగు మిగిలిందో నాకు ఆ సాయంత్రమే ఫోను చేసి చెప్పు.

మీ పెదనాన్న