ముందు పన్ను రాకుండా అడ్డుపడే ఎక్స్‌ట్రా పన్ను

మాది కావలి. బాబుకి ఎనిమిదేళ్లు. పై ముందు పళ్లలో ఒకటి వచ్చి ఏడు నెలలైంది, రెండోది రాలేదు. ఎక్స్‌రేలో మధ్యలో ఎక్స్‌ట్రా పన్ను ఉందన్నారు, తీయించాలా?

తీయించాలండి, అడ్డంగా ఉన్నది అదే అయితే. దాన్ని మీసియోడెన్స్ అంటారు. రెండు ముందు పళ్ల మధ్య, ఎక్కువగా అంగిలి వైపు ఎముకలో ఉండిపోయి, దిగాల్సిన పన్ను దారి మూసేస్తుంది. జత పన్ను వచ్చాక ఆరు నెలలు దాటినా రెండోది రాకపోతే ఎక్స్‌రే తీయాల్సిందే, చిగురు కోస్తే వస్తుందిలే అని ముందే కోయించకూడదు.

ఒక్క ఎక్స్‌రేలో ఆ ఎక్స్‌ట్రా పన్ను ముందుందో వెనకుందో తెలియదు. ఎక్స్‌రే ట్యూబ్‌ని పక్కకి జరిపి ఇంకోటి తీస్తారు, ట్యూబ్ జరిగిన వైపే దాని నీడ కూడా జరిగితే అంగిలి వైపున్నట్టు. అయినా అనుమానముంటే సీబీసీటీ అనే 3డి స్కాన్, అది కావలిలో లేకపోతే నెల్లూరో ఒంగోలో వెళ్లాలి.

తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, అంగిలి చిగురు లేపి, కాస్త ఎముక తొలిచి పన్ను తీసి కుట్లేస్తారు, బాగా భయపడే పిల్లలకైతే మత్తు. తర్వాత చోటుంటే అసలు పన్ను చాలాసార్లు తనంతట తనే దిగుతుంది, కానీ నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది పైనే. అప్పటికీ కదలకపోతే దానికి బ్రాకెట్ అంటించి చిన్న గొలుసుతో మెల్లగా కిందికి లాగుతారు.