సెమికోలన్ మర్చిపోతే మార్కు కోయాలా?

"చేత్తో రాసిన సి ప్రోగ్రాంలో సెమికోలన్లు లేవు, లాజిక్‌లో కూడా ఏదో తేడా ఉంది. ఐదుకి ఎన్ని వేయాలి?"

నేనైతే ఒకటే చూస్తానండి: ఆ తప్పును కంపైలర్ పట్టుకునేదా? పట్టుకునేదైతే, ఉద్దేశం స్పష్టంగా ఉంటే, వదిలేస్తాను. కాగితం మీద ఎర్రర్ మెసేజ్ రాదు కదా, పాపం.

```c
int s = 0
for (i = 0; i <= n; i++)
    s = s + a[i];
printf("%d", s)
```

రెండు సెమికోలన్లు పోయాయి, మార్కు కోయను. కానీ `<=` దగ్గర ఆగండి. n విలువ 3, అంటే a లో మూడే అంకెలున్నాయి అనుకుని చేత్తో నడిపి చూడండి: a[0], a[1], a[2] తర్వాత లేని a[3]ని కూడా కలుపుతుంది. కంపైలర్ సాధారణంగా నోరెత్తదు, మొత్తం మాత్రం తప్పొచ్చు. ఇక్కడ ఒక మార్కు తీసి నాలుగు వేస్తాను. ఇదే తప్పు మరో లూప్‌లోనూ ఉంటే రెండోసారి కోయను.

చిక్కల్లా `for (...);` తోనే. అదనపు సెమికోలన్ వల్ల లూప్ ఖాళీగా తిరుగుతుంది, అయినా కంపైల్ అవుతుంది. మిగతా లూపులు సరిగ్గా రాస్తే చెయ్యి జారిందనుకుని అర మార్కు, అన్నిచోట్లా అలాగే ఉంటే పూర్తి మార్కు తీస్తాను.